ఐదు రసీదుల నిచ్చెన

సికింద్రాబాద్ లాలాగూడలో ఉండే ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి బీరువాలో ఐదు ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులున్నాయి. అన్నీ ఐదేళ్ల గడువువే, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొచ్చేవే. 2021 నుంచి 2025 దాకా ఏటా జూన్‌లో ఒకటి చొప్పున వేశారు. అందుకే 2026 నుంచి ఏటా జూన్‌లో ఒకటి గడువు తీరుతుంది. దాన్ని మళ్లీ ఐదేళ్లకు వేస్తారు. ప్రతి రసీదుకూ ఐదేళ్ల రేటే పలుకుతుంది, డబ్బు కోసం మాత్రం ఏడాదికి మించి ఆగక్కర్లేదు. పనితనమంతా ఇక్కడే ఉంది.

రసీదుల మీద అసలు వరుసగా లక్షన్నర, లక్షన్నర, రెండు లక్షలు, రెండు లక్షలు, మూడు లక్షలు. వడ్డీ 6.2, 6.3, 7.5, 7.5, 7.1 శాతం. రేట్లను కూడి ఐదుతో భాగిస్తే 6.92 వస్తుంది. అది తప్పు లెక్క, ఎందుకంటే మూడు లక్షల రసీదునూ లక్షన్నర రసీదునూ ఒకే గాటన కట్టేస్తుంది. ఆయన ఒక్కో రసీదుకు ఏడాది వడ్డీ రాసుకుంటారు: 9,300, 9,450, 15,000, 15,000, 21,300. మొత్తం 70,050. పది లక్షల మీద అంటే 7 శాతం, పైన పిసరంత.

2021లో రెపో రేటు 4 శాతం, 2023 ఫిబ్రవరికి 6.5. ఆ ఎత్తుపల్లాలు రసీదుల మీద కనిపిస్తాయి. ముందుగా గడువు తీరేది 6.2 శాతం రసీదు. దాన్ని 6.5కే తిరిగి వేసినా ఏడాదికి 450 రూపాయలు పెరుగుతాయి. బయట రేట్లు తగ్గుతున్నా సగటు పెరగడం నాకు ముచ్చటగా అనిపించింది. 7.5 రసీదుల వంతు వచ్చినప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది.

జూన్ రాకముందే డబ్బు అవసరమైతే? 2023 నాటి రెండు లక్షల రసీదును రెండేళ్లకే రద్దు చేశారనుకుందాం. అప్పటికి 30,000 వడ్డీ తీసుకున్నారు. వేసిన రోజున రెండేళ్లకు ఉన్న రేటు 7 శాతమైతే, అందులో అర శాతం జరిమానా పోను 6.5 చొప్పున బ్యాంకు తిరిగి లెక్క కడుతుంది. రావాల్సింది 26,000 మాత్రమే. ఎక్కువిచ్చిన 4,000 అసలులోంచి కోసుకుంటుంది.

అదే రసీదు మీద యాభై వేలు మూడు నెలలకు అప్పు తీసుకుంటే, డిపాజిట్ రేటుకన్నా ఒక శాతం ఎక్కువ పడుతుందనుకున్నా, నికరంగా పోయేది 125 రూపాయలు. అందుకే ఆయన చిన్న అవసరానికి రసీదును కదిలించరు. మొత్తమంతా ఏళ్ల తరబడి కావాల్సొస్తే మాత్రం అప్పు వడ్డీ పెరిగి రద్దు చేసుకోవడమే నయమవుతుంది.

రసీదులు మూడు బ్యాంకుల్లో ఉన్నాయి. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు అసలూ వడ్డీ కలిపి ఐదు లక్షల దాకానే. సేవింగ్స్ ఖాతాలో ఉన్నదీ అందులోకే వస్తుంది. మూడు లక్షల రసీదు పక్కన లక్షన్నరది ఒకటే పెట్టి, మిగతా యాభై వేల జాగా ఖాళీగా వదిలేశారు. మూడు నెలలకోసారి వచ్చే వడ్డీ కొన్నాళ్లు ఖాతాలోనే ఉండిపోయినా పరిమితి దాటదు.