చలం ఏ అరలో?

మా వీధి చివర గ్రంథాలయంలో 1,200 పుస్తకాలున్నాయి. వాటిని చూసుకునే రిటైర్డ్ మాస్టారికి ప్రతి పుస్తకం చోటూ కంఠతా వచ్చు. ఎవరేం అడిగినా లేచి నేరుగా బీరువా దగ్గరికి వెళ్లేవారు. ఆయన మూడు నెలలు కూతురి దగ్గరికి బెంగళూరు వెళ్లేసరికి మా లైబ్రరీలో పుస్తకాలున్నా లేనట్టే అయింది. ఒక డిగ్రీ అమ్మాయి వచ్చి చలం ‘మైదానం’ ఉందా అని అడిగింది. ఉందని మాకు తెలుసు. ఎక్కడుందో మాత్రం ముగ్గురం కలిసి అరగంట వెతికినా దొరకలేదు. ఆ అమ్మాయి పర్లేదండీ అని వెళ్లిపోయింది.

తప్పు మాస్టారిది కాదు. పుస్తకాలు వచ్చిన క్రమంలో నంబరు వేసి, ఆ నంబరు వరుసలోనే సర్దడం చాలా చిన్న లైబ్రరీల పద్ధతి. లెక్క చూసుకోవడానికి అది బాగుంటుంది. వెతుక్కునేవాడికి మాత్రం 416వ నంబరు భగవద్గీత, 417 మైదానం, 418 కోళ్ల పెంపకం. విషయాల వారీగా సర్దుదామని ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాం.

మొదట పెద్ద లైబ్రరీల దారే పట్టాం. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ వేసిన దశాంశ పద్ధతి మనకు తెలిసిందే: జ్ఞానమంతా పది తరగతులు, ఒక్కో తరగతిలో మళ్లీ పది. అందులో తెలుగు సాహిత్యం నంబరు 894.827. అంతర్జాతీయ గ్రంథాలయంలో ఆ ఒక్క నంబరు ఒకటి రెండు అరలకు సరిపోతుంది. మా దగ్గర మాత్రం 1,200లో దాదాపు 900 పుస్తకాలకు అదే నంబరు పడుతుంది! చివర ఇంకో అంకె చేర్చి కవిత్వం, నాటకం, నవల అని విడదీయొచ్చు. కానీ నవలలే 540. ఊరందరికీ ఒకే ఇంటి నంబరు ఇస్తే పోస్ట్‌మన్ ఏం చేస్తాడు? డ్యూయీని పక్కన పెట్టాం.

మనవాడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమంటుంది. సరే, మా పాఠకులు అసలు ఏమని అడుగుతున్నారు? ఒక వారం పాటు వచ్చిన ప్రతివాళ్ల నోటి మాటనూ నోటుబుక్కులో రాసుకున్నాం. నవలలు కావలసినవాళ్లు రచయిత పేరుతో అడుగుతున్నారు. మిగతావి కావలసినవాళ్లు విషయంతో అడుగుతున్నారు: వంటలు, చరిత్ర, పిల్లల కథలు. పేరు మర్చిపోయి ‘పచ్చ అట్ట పుస్తకం’ అన్నవాళ్లూ ఉన్నారు, వాళ్లకు మాస్టారే దిక్కు.

దాంతో పుస్తకాలన్నీ నేల మీదికి దించి గుట్టలు పోశాం. ఎన్ని గుట్టలుండాలో తేల్చడానికి ఒకటే నియమం: కనీసం అర అరను నింపే విషయానికే సొంత పేరు. వ్యవసాయం 18 పుస్తకాలు, నిలబడింది. చట్టాలు 11, వంటలు 9. ఈ రెండూ విడిగా నిలబడవు కనుక కలిపి ‘ఇంటి అవసరాలు’ అన్నాం. అంతకన్నా సన్నగా విడదీస్తే చీటీలు ఎక్కువై పుస్తకాలు తక్కువవుతాయి.

చిక్కంతా రెండు గుట్టలకూ చెందే పుస్తకంతో. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ ఆయన కథల పక్కన ఉండాలా, ఆత్మకథల్లోనా? రెండు వాదనలూ నిజమే. ఒక పూట దాని మీదే గడిచింది. చివరికి తేలిందేమిటంటే, ఏ చోటైనా ఫరవాలేదు, కానీ అలాంటి పుస్తకాలన్నిటికీ అదే నియమం ఉండాలి. ఎవరి జీవితం వాళ్లు రాసుకుంటే అది ఆత్మకథల్లోకి. గాంధీ ‘సత్యశోధన’ కూడా అక్కడికే, చరిత్రలోకి కాదు. శ్రీపాద కథల మధ్య మాత్రం ఒక అట్ట నిలబెట్టాం: ‘ఆయన ఆత్మకథ 6వ బీరువాలో ఉంది.’ ఇలా తేల్చిన ప్రతిదీ నోటుబుక్కులోకి ఎక్కింది. లేకపోతే వచ్చే ఏడు ఇంకెవరో ఇంకోలా తేలుస్తారు.

నవలల గుట్టలో అసలు పరీక్ష వచ్చింది. రచయితల్ని అక్షర క్రమంలో పెట్టాలి. ఇంటిపేరుతోనా, సొంత పేరుతోనా? విశ్వనాథ, యద్దనపూడి, యండమూరి ఇంటిపేర్లతో బతుకుతున్నారు. రంగనాయకమ్మను ఇంటిపేరుతో ఎవరూ అడగరు. చలం ఇంటిపేరు గుడిపాటి కనుక ఆయన్ని ‘గు’లో పెడితే శాస్త్రం నెగ్గుతుంది, ఆ డిగ్రీ అమ్మాయి మళ్లీ ఉత్త చేతులతో పోతుంది. అందుకని జనం నోట్లో నలిగిన పేరే లెక్క అనుకున్నాం. చలం ‘చ’లో. శరత్ బెంగాలీ అయినా ‘అనువాదాలు’ అని వేరే అర పెట్టలేదు, ‘శ’లోనే కూర్చున్నాడు. దేవదాసు కోసం వచ్చేవాళ్లెవరూ అనువాదం కావాలని అడగరు కదా.

ఇంకో సంగతి సిగ్గు విడిచి చెప్పాలి. డిగ్రీలు చదివిన ముగ్గురం ‘ళ’ ముందా, ‘వ’ ముందా అని ఆగిపోయాం. పిల్లల గోడ పటం ఒకటి కొనుక్కొచ్చి బీరువా తలుపు లోపల అతికించాం.

సర్దేటప్పుడు చేసిన పెద్ద తప్పు ఒకటి. ‘అ’ నుంచి మొదలుపెట్టి పై అరల్లోనే ఒక బీరువా నుంచి ఇంకో బీరువాకు పోయాం. నవలల నాలుగు బీరువాల పై అరలూ అయ్యాక రెండో వరుస మళ్లీ మొదటి బీరువాకు వచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. వెతికేవాడు మాత్రం ప్రతి వరుసకూ గది ఈ చివర నుంచి ఆ చివరికి నడవాలి. మళ్లీ దించాం. ఒక బీరువాలో ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి పూర్తయ్యాకే పక్క బీరువా. అరకు 45 పడతాయి గానీ 30 దగ్గరే ఆపాం. ఆ ఖాళీ లేకపోతే కొత్తగా వచ్చిన ఒక్క ‘క’ పుస్తకం కోసం ‘హ’ దాకా అన్నీ జరపాలి.

వీపు మీద చీటీలు అడుగు నుంచి అంగుళం ఎత్తులో, ఒక అట్టముక్కను కొలతగా పెట్టి అంటించాం. గుట్టకో రంగు. చీటీలన్నీ ఒకే గీతలో ఉంటే నీలం వరుసలో ఎర్ర చీటీ గుమ్మం నుంచే కనిపిస్తుంది. వీపు లేని పల్చటి కవితా సంపుటాలకు చీటీ అంటదు. వాటిని అక్షరాల వారీగా అట్టపెట్టెల్లో నిలబెట్టాం.

మాస్టారు తిరిగొచ్చి బీరువాలన్నీ ఓసారి చూశారు. ‘ఇక నన్నెవరూ అడగరన్నమాట’ అన్నారు. అభినందనో, బాధో తెలియలేదు. కానీ ఆయన జ్ఞాపకం పోతే లైబ్రరీ పోకూడదు కదా.

రంగు, గీత పట్టించలేని తప్పు ఒకటి మిగిలింది: నీలం వరుసలోనే ‘చ’ పుస్తకం ‘శ’లో దూరితే ఎవరికీ కనిపించదు. తీసి చూసినవాళ్లు మర్యాదకొద్దీ తోచిన చోట పెట్టేస్తారు. అందుకే ప్రతి ఆదివారం రెండు బీరువాలు వరుస చదివి సరిచేస్తున్నాం, నెలకు ఎనిమిదీ అవుతాయి. మీ ఊరి లైబ్రరీకి వెళ్తే ఆ ఒక్క మర్యాద మానండి. తీసిన పుస్తకం అరలో పెట్టకండి, బల్ల మీద వదిలేయండి.