పసుపు కల్లం ఫొటోలో ఎరుపు గ్రాఫ్

ఆర్మూరు పల్లెల్లో తవ్విన పసుపును ఉడకబెట్టి కల్లాల్లో ఆరబోస్తారు. ఎండలో తీసిన ఆ ఫొటోల్లో తరచూ ఒక లోపం కనిపిస్తుంది. కొమ్ముల మీది కణుపులు, ముడతలు మాయమై కుప్పంతా ఒకే రంగు పూసినట్టు ఉంటుంది. నారింజ ఛాయ పోయి నిమ్మపండు రంగు వస్తుంది. దీన్ని ఎడిటింగ్ తప్పు అనుకుంటారు. నిజానికి అది ఫొటో తీసిన క్షణంలోనే జరిగిన నష్టం. హిస్టోగ్రామ్ దాన్ని పట్టిస్తుంది, అయితే కెమెరాలో మామూలుగా కనిపించే తెల్ల గ్రాఫ్ ఒక్కటే చూస్తే సరిపోదు.

హిస్టోగ్రామ్‌లో ఎడమ చివర 0, అంటే కటిక నలుపు. కుడి చివర 255, గరిష్ఠ వెలుగు. ఏ వెలుగులో ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో గ్రాఫ్ ఎత్తు చెబుతుంది. కుడి గోడకు గుట్టలా ఆనుకుంటే అక్కడి వివరం పోయినట్టే. తెల్ల గ్రాఫ్ మూడు రంగులను కలిపి లెక్కగడుతుంది: ఎరుపుకు సుమారు 30 శాతం, ఆకుపచ్చకు 59, నీలానికి 11 శాతం విలువ ఇస్తుంది. ఒక కొమ్ము మీద ఎరుపు 255, ఆకుపచ్చ 180, నీలం 20 ఉన్నాయనుకోండి. లెక్క వేస్తే దాదాపు 185 వస్తుంది. తెల్ల గ్రాఫ్ గోడకు ఎంతో దూరంలో ఆగి అంతా బాగుందంటుంది. ఎరుపు మాత్రం అప్పటికే గోడను తాకింది. ఎరుపు అక్కడ ఆగిపోయి ఆకుపచ్చ ఇంకా పెరుగుతుంటే రంగు నిమ్మపండు వైపు జరుగుతుంది. అందుకే పసుపు విషయంలో మూడు రంగుల గ్రాఫ్‌లనూ విడివిడిగా చూడాలి.

అలా చూసినప్పుడు నీలం ఎడమ గోడకు ఒరిగి ఉంటుంది. వెలుగు చాలలేదని కంగారుపడి పెంచకూడదు. గాఢమైన పసుపు రంగులో నీలం ఉండేదే తక్కువ. ఆర్మూరులోని సిద్దులగుట్ట నల్లరాళ్లు నిండిన ఫొటోలో గ్రాఫ్ మొత్తం ఎడమకు జరిగినా అంతే, అది రాళ్ల రంగు. గ్రాఫ్‌కు ఆదర్శ ఆకారమంటూ లేదు. ఎదుట ఉన్న వస్తువేమిటో తెలిసినవారికే అది అర్థమవుతుంది. కల్లం పక్కన తళతళలాడే పాలిథిన్ పట్టా వల్ల కుడి చివర సన్నని గీత లేచినా నష్టం లేదు.

రా ఫైల్ ఉంటే తర్వాత సరిచేయవచ్చు కదా అని అడగవచ్చు. కొంతవరకు నిజమే. కెమెరా గ్రాఫ్‌ను జేపెగ్ రూపం నుంచి గీస్తుంది కాబట్టి రా ఫైల్‌లో ఎరుపు కాస్త మిగిలి ఉండవచ్చు. ఎంత మిగిలిందో ఆ గ్రాఫ్ చెప్పదు. జేపెగ్‌లోనైతే ఏమీ మిగలదు: వెలుగు తగ్గిస్తే 255 దగ్గర చదునైనది 220 దగ్గర చదునుగానే ఉంటుంది. తెర మీద బాగానే కనిపిస్తోందన్న మాటా నిలవదు, మండే ఎండలో ఆ తెర వెలుగును కన్ను సరిగా కొలవలేదు.

ఎడిటింగ్ మొదలుపెట్టే ముందు ఎరుపు గ్రాఫ్ చూడండి. అది కుడి గోడకు ఆనుకొని ఉంటే శాచురేషన్ ముట్టుకోవద్దు. కుప్ప ఇంకా కల్లంలోనే ఉంటే, ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ తగ్గించి మళ్లీ తీయండి.