పుట్టికి తొమ్మిది వందలా?

ఇందుకూరుపేట వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. “అన్నా, దళారీ పుట్టికి తొమ్మిది వందల కిలోలు తూకం వేస్తానంటన్నాడు. ఎనిమిది వందల యాభై కదా మన పుట్టి?” అని అడిగాడు. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా కోపం తెలిసిందే. నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు, దాని మీద వేసే ప్రతి కిలో రైతు నుంచి గుంజుకున్నదేనని ఎన్నిసార్లు రాశానో! ఈసారి కూడా అదే రాయాలని కూర్చున్నాను.

కానీ ముందు అతన్ని ఒక మాట అడిగాను. తేమ ఎంత ఉంది? అతనికి తెలియదు. మర్నాడు పిడికెడు వడ్లు రైతు సేవా కేంద్రానికి తీసుకెళ్తే మీటరు 22 శాతం చూపించింది.

మా చిన్నప్పుడు ఈ ప్రశ్నే లేదు. కొడవళ్లతో కోసిన పనలు మడిలోనే ఎండేవి. కట్టలు కట్టి కళ్లంలో కుప్ప వేసి, తీరిక చూసుకుని నూర్చేవాళ్లం. మొలగొలుకులైనా మరొకటైనా, కొలతకు వచ్చేసరికి గింజ పంటి కింద కటుక్కుమనేది. పుట్టికి ఇరవై తూములని కొలుచుకుంటుంటే నీళ్ల బరువు గురించి ఎవరికీ ఆలోచన వచ్చేది కాదు. ఇప్పుడు చైన్ మిషన్ దిగితే మధ్యాహ్నానికి ఎకరం అయిపోతుంది. పొద్దున పైరు మీదున్న గింజ సాయంత్రానికి లారీ ఎక్కుతుంది. ఎండాల్సిన రోజులు పోయాయి గానీ, ఎండితే తగ్గాల్సిన బరువు ఎక్కడికీ పోలేదు.

మద్దతు ధర 17 శాతం తేమ ఉన్న ధాన్యానికి. నూరు కిలోల 22 శాతం వడ్లలో నీళ్లు పోను అసలు గింజ 78 కిలోలు. 17 శాతం వడ్లలో అది 83. అంటే 850 కిలోల పొడి ధాన్యం కావాలంటే ఈ తడి వడ్లు 904 కిలోలు తూచాలి. దళారీ అడిగిన 900 దాదాపు సరైన లెక్కే! నాకు మింగుడుపడకపోయినా అంకెలు అవే.

అయితే అదే దళారీ పక్క చేను దగ్గరా 900 అన్నాడు. ఆ రైతు నాలుగు రోజులు ఓపిక పట్టి కోతకు దిగాడు, మీటరు 19 చూపించింది. అతనికి 871 కిలోలు చాలు. పుట్టికి 29 కిలోలు ఎక్కువ. పుట్టి 18,000 చొప్పున బేరమైతే, మూడు పుట్లు పండిన ఎకరానికి సుమారు 1,750 రూపాయలు పోయినట్టు. అందరికీ ఒకే తూకం పెడితే నష్టపోయేది జాగ్రత్తగా ఎండబెట్టుకున్నవాడు.

ఇక మొదటి రైతు అసలు లెక్క. ఎకరానికి మూడు పుట్లు, అంటే 17 శాతం దగ్గర 25.5 క్వింటాళ్లు. 2025–26 ఏ గ్రేడు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. మొత్తం 60,920. చేను గట్టునే అమ్మితే 18,000 చొప్పున 54,270, అందులో దళారీ కమిషన్ పుట్టికి 200 పోను సుమారు 53,670. తేడా ఏడు వేలు దాటింది కదా, మద్దతు ధరకే ఇవ్వమంటే సరిపోతుందనిపిస్తుంది.

కానీ ఆరబెట్టడానికి పట్టలు, కూలీలు, కాపలా కలిపి పుట్టికి 900 అనుకుందాం, మొత్తం 2,700. హమాలీకీ బండికీ క్వింటాలుకు 60 చొప్పున 1,530. ఈ ఖర్చు ముందు రైతు చేతి నుంచే పోవాలి. ఇంతవరకు మిగిలింది 56,690. అంటే మూడు వేల లాభం, వాన రాకుండా ఉంటే. ఇక డబ్బు పడటం రెండు నెలలు ఆలస్యమైతే, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మీద మరో 2,437 పోతుంది. మిగిలేది 54,250. గట్టు మీద అమ్మినదానికి ఆరు వందలే ఎక్కువ.

కమిషన్ మీద మనం చేసే గొడవ నాకు ఇప్పుడు చాలా చిన్న విషయంగా తోస్తోంది. ఎకరానికి అది ఆరు వందలు. డబ్బు ఏ రోజు చేతికొస్తుందన్నది దానికి నాలుగింతలు. కొనుగోలు కేంద్రంలో ధర బోర్డు పక్కన చెల్లింపు తేదీ కూడా రాయించాలి. కాటా చీటీ మీద కిలోలతో పాటు తేమ శాతమూ వేయించుకోవాలి. తూచిన బరువును నూరులోంచి తేమ తీసిన అంకెతో గుణించి 83తో భాగిస్తే ఎవరికి ఎంత రావాలో కళ్లంలోనే తేలిపోతుంది.

పక్క చేను రైతు ఆ చీటీ పట్టుకునే బేరమాడాడు. 880 దగ్గర తెగింది.