రదీఫు నినాదం కాదు

గజలంటే నవాబుల వినోదమనీ, ప్రజల సాహిత్యానికి అది పనికిరాదనీ అభ్యుదయ రచయితలలో కొందరు ఒకప్పుడు గట్టిగా వాదించారు. ఆ వాదానికి ఫైజ్, మజ్రూహ్, మన హైదరాబాదులో మఖ్దూం తమ గజళ్లతోనే జవాబు చెప్పారు. కనుక ఆ చర్చను తిరగదోడడం నా ఉద్దేశం కాదు. దాశరథి తెలుగులో గజల్ వ్రాశాడు. నారాయణరెడ్డి దానిని సభలకూ పాటకూ అలవాటు చేశాడు. ఇప్పుడు తేల్చుకోవలసింది వేరొకటి ఉన్నది. గజల్ పంక్తి చివర మళ్లీ మళ్లీ వచ్చే మాటను మనం నిజంగా కడుతున్నామా, లేక ఊరేగింపులో నినాదంలాగ ఊరికే తిప్పి చెబుతున్నామా?

ఈ ప్రశ్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతంలో నాకు మరీ స్పష్టంగా కనిపిస్తుంది. జగ్గయ్యపేట దాటితే ఒకప్పుడు నైజాం సరిహద్దు. 2014 నుండి అక్కడే మళ్లీ రెండు రాష్ట్రాల సరిహద్దు. విజయవాడ నుండి హైదరాబాదు పోయే రోడ్డు మీది ఊళ్లివి. ఇక్కడి కుర్రవాళ్ల చెవిలో ఉర్దూ గజల్ రాగమూ ఉన్నది, తెలుగు పద్యం ప్రాసా ఉన్నది. ఆ రెండింటి లెక్కలు వేరని గుర్తించకపోవడం వల్లనే చాలా గజళ్లు కుంటుతున్నాయి.

లెక్క చెప్పుకుందాం. మారకుండా పంక్తి చివర నిలిచే మాట రదీఫు. దానికి సరిగ్గా ముందు, పంక్తి పంక్తికీ మారుతూ ఒకే ధ్వనితో ముగిసే మాట కాఫియా. మొదటి ద్విపద పేరు మత్లా. అందులో రెండు పాదాల చివరా కాఫియా, రదీఫు రెండూ ఉండాలి. తరువాతి ద్విపదలలో రెండవ పాదానికే ఆ నియమం. అంటే మత్లా శ్రోతతో చేసుకునే ఒప్పందం. అక్కడ ఎంత ధ్వని కలిసిందో, చివరివరకూ అంతా కలిసి తీరాలి.

ఈ వ్యాసం కోసం నేను కట్టిన పంక్తులతోనే చూద్దాం. పాదానికి ఇరవైనాలుగు మాత్రలు, నాలుగు మాత్రల నడక. వస్తువు ఈ మెట్ట ప్రాంతపు మిర్చి.

కోసిన చేతికి కూలికి బదులుగ మంట మిగిలింది
కాటా ముగిసెను, పద్దున మాత్రమె పంట మిగిలింది

రదీఫు ‘మిగిలింది’. కాఫియాలు ‘మంట’, ‘పంట’. వీటిలో కలిసింది ‘అంట’ అనే ధ్వని. ఇక్కడ ‘అ’ కూడా కలిసిందని గమనించాలి. మన పద్యంలో ప్రాసకు హల్లు కలిస్తే చాలు, అచ్చు ఏదైనా ఫరవాలేదు. కాఫియాకు అట్లా చెల్లదు. హల్లుకు ముందున్న అచ్చు కూడా కలవాలి. ఈ తేడా ఎక్కడ దెబ్బ తీస్తుందో మరో ద్విపదలో చూడండి.

పట్నము పోయిన లారీ వెనుకన దుమ్ము కరిగాక
బిడ్డను మోసుకు నిలిచిన తల్లే ఇంట మిగిలింది

అర్థం బాగానే ఉన్నది. కంటికి ‘ంట’ కలిసినట్లే కనిపిస్తుంది. కాని ‘మంట, పంట, ఇంట’ అని పైకి చదవండి. మూడవ మాట దగ్గర చెవి తొట్రుపడుతుంది. ప్రాసకు అలవాటుపడిన కవి దీన్ని వదిలేస్తాడు. గజల్ విన్నవాడు ఒప్పుకోడు. ‘ఇంట’ తీసి ‘కంట’ పెట్టండి:

బిడ్డను మోసుకు నిలిచిన తల్లే కంట మిగిలింది

ధ్వని కుదిరింది. అంతకంటె పెద్ద మార్పు అర్థంలో వచ్చింది. మొదటి పాఠంలో తల్లి ఇంట్లో ఉండిపోయిందన్న సమాచారమే ఉన్నది. ఇప్పుడు లారీలో వెళ్లిపోతున్నవాడి చూపు వచ్చింది. మత్లాలో ‘మిగిలింది’ అంటే దోపిడి పోగా దక్కినది. ఇక్కడ అదే మాటకు మరపు రానిది అని అర్థం. రదీఫు చేయవలసిన పని ఇదే: మాట మారకూడదు, దాని బరువు మారాలి.

దీనికి ఒక సులభమైన పరీక్ష ఉన్నది. ‘మిగిలింది’ తీసి ‘ఉన్నది’ అని చదవండి. అర్థంలో ఏమీ తగ్గకపోతే ఆ ద్విపదలో రదీఫు సోమరిగా కూర్చున్నట్లు. ‘పద్దున మాత్రమె పంట ఉన్నది’ అంటే వట్టి లెక్క. ‘మిగిలింది’ అన్నప్పుడే పంట ఎవరో పట్టుకుపోయిన సంగతి తెలుస్తుంది.

తెలుగుకే ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉన్నది. మన భాషలో విభక్తులు మాటకు అతుక్కుపోతాయి. అందువల్ల ‘ఊరిలో మిగిలింది’, ‘కంటిలో మిగిలింది’ అని మత్లా వ్రాసి, కాఫియా కుదిరిందని చాలామంది సంతోషపడుతున్నారు. అక్కడ కలిసినట్లు వినిపించేది ‘లో’. అది రెండుచోట్లా ఒకే ప్రత్యయం కనుక రదీఫులో భాగమైపోయింది. దాన్ని తీసేస్తే మిగిలేవి ‘ఊరి’, ‘కంటి’. వీటి మధ్య కాఫియా ఏదీ? ఉర్దూవారు ఈ దోషాన్ని ‘ఈతా’ అంటారు. ‘బండలో’, ‘ఎండలో’ అంటే కొంత నయమనిపిస్తుంది గాని, అక్కడా మొదటి అచ్చులు వేరు. ‘బండలో’, ‘కొండలో’ అన్నా అంతే. ‘బండలో’, ‘దండలో’ అంటే సరి. అప్పుడు కాఫియా ‘అండ’, రదీఫు ‘లో మిగిలింది’. ప్రత్యయం ఊడదీసి చూడడమే పరీక్ష.

రదీఫు ఎన్నుకునేటప్పుడే దాని వ్యాకరణమూ చూసుకోవాలి. ‘మిగిలింది’ అనే క్రియ ఏకవచనం, వస్తువుకూ స్త్రీకీ చెల్లుతుంది. ‘రైతు మిగిలాడు’, ‘కూలీలు మిగిలారు’ అనడానికి ఈ గజల్‌లో చోటులేదు. తల్లి కర్తగా రాగలిగింది, ఆమె భర్త రాలేడు. శ్రామికుల గురించి వ్రాయబోయే కవి ఈ తలుపు ఎవరికి తెరుచుకుంటుందో ముందే తెలుసుకోవాలి. లేకుంటే నాలుగవ ద్విపద దగ్గర వస్తువును వదిలి, కాఫియా ఎటు లాగితే అటు పోతాడు.

మన యువకవులకు ఎంతో ఇష్టమైన రదీఫు ‘ఎవరిది?’. దానిలో రెండు కష్టాలున్నాయి. పాడేటప్పుడు ‘పంట ఎవరిది’ కాస్తా ‘పంటెవరిది’ అవుతుంది. సంధిలో కాఫియా చివరి అచ్చు పోయి, ఒక మాత్ర తగ్గుతుంది. ఒక పాదంలో సంధి చేసి మరొక దానిలో విడిగా పలికితే నడక చెడుతుంది. అచ్చుతో మొదలయ్యే రదీఫు పెట్టుకున్నవాడు అన్ని పాదాలలోనూ ఒకే పద్ధతి పాటించాలి. రెండవది ఇంకా పెద్ద కష్టం. పంట ఎవరిది, గని ఎవరిది, మిల్లు ఎవరిది అని అడిగితే జవాబు ప్రతిసారీ ఒక్కటే. మొదటి ద్విపదలోనే శ్రోతకు తెలిసిపోయిన జవాబును ఏడుసార్లు అడగడం నినాదం పని. నినాదానికి అది బలమే. వందమంది ఒకే అర్థంతో ఒకే మాట పలకాలి. గజల్‌లో అదే బలహీనత.

ఈ ప్రాంతపు సున్నపురాయి గనుల మీద ఒక ద్విపదతో ముగిస్తాను:

రాయిని పేల్చిన ఊరికి రాతిరి నిద్ర రాలేదు
పేలుడు నిలిచిన పిమ్మట చెవిలో గంట మిగిలింది

మొదటి పాదంలో కాఫియా లేదు, ఉండనక్కరలేదు. అది శ్రోతను ఎదురుచూడనిస్తుంది. ‘గంట’ అనగానే తరువాతి మాట అందరికీ తెలుసు. సభ కవితో కలిసి పలుకుతుంది. కాని ఇక్కడ మిగిలింది దక్కిన వస్తువు కాదు, జ్ఞాపకమూ కాదు. అది చెవికి అయిన గాయం. తెలిసిన మాటనే పలుకుతూ సభ తెలియని చోటికి చేరాలి. అది జరగని చోట రదీఫు ఎంత చక్కగా కుదిరినా, ఆ ద్విపదను కొట్టివేయవలసిందే.