ఇక ఫోన్‌లో మాట్లాడుకుందామా?

ఒకే విషయం మీద ఎన్ని మెయిళ్లు నడిచాయన్నది నేను లెక్కపెట్టను. ఒక్కో జవాబుతో తేలాల్సింది తగ్గుతూ వస్తుంటే ఆ వరుస ఎంత పొడవైనా నడవనివ్వవచ్చు. నేను చూసేది ఒకటే: మొదటి మెయిల్లో అడిగిన ప్రశ్న చివరి మెయిల్లోనూ అలాగే ఉందా? ఉంటే రాయడం ఆపి మాట్లాడాల్సిన వేళయింది.

పుస్తకాల ఎడిటింగ్‌లో ఇది తరచూ ఎదురవుతుంది. ఒక కథల సంపుటి సంగతి చెబుతాను. లోపలి పేజీలు 192తో సిద్ధమయ్యాయి. 16 పేజీల ఫారాలు సరిగ్గా 12. అప్పుడు, డాలస్‌లో కూతురి దగ్గరున్న రచయిత ఒక ముందుమాట పంపారు. పేజీల్లో పెడితే 12 వచ్చాయి, మొత్తం 204. ఫారం నిండాలంటే 208 కావాలి కాబట్టి చివర 4 పేజీలు ఖాళీ.

ఖాళీ పేజీలు తీసేయమని రచయిత రాశారు. పేజీలు తేలితే తప్ప పుస్తకం వెన్ను వెడల్పు చెప్పలేనని, కవర్ ఆగిపోయిందని డిజైనర్ రాశాడు. 16 పేజీలంటే 8 కాగితాలు. మామూలు మ్యాప్‌లిథో మీద వెన్ను సుమారు ముప్పావు మిల్లీమీటరు పెరుగుతుంది. దానికి రచయిత జవాబు: ‘కవర్ నాకు నచ్చింది, మార్చొద్దు.’ డిజైనర్ మళ్లీ వెన్ను గురించే అడిగాడు. ఈలోగా కాపీలో ఉన్న ప్రెస్సాయన ఫైలెప్పుడని అందుకున్నారు. ఆ తర్వాతి మెయిల్లో రచయిత ‘ముందే చెప్పాను కదా’ అన్నారు.

ఆ మాట కనిపిస్తే నేను ఇక ఆగను. తన మెయిల్ అవతలివాళ్లు చదవడం లేదని మనిషికి అనిపించినప్పుడు వచ్చే మాట అది. నిజానికి ఇక్కడ అందరూ చదువుతూనే ఉన్నారు. రచయిత పేజీల గురించి మాట్లాడుతుంటే డిజైనర్ కవర్ గురించి మాట్లాడుతున్నాడు. డిజైనర్ రాసినా, ఒకదాని మీద ఒకటి ఆధారపడిందన్న సంగతి రచయితకు అందలేదు.

‘ఒకసారి మాట్లాడాలండీ’ అని మాత్రం రాస్తే పెద్దవాళ్లు ఏం జరిగిందోనని కంగారుపడతారు. ఎప్పుడని తిరిగి అడుగుతారు, ఇంకో రెండు మెయిళ్లు పెరుగుతాయి. ‘ఇది మెయిల్లో తేలేలా లేదు’ అంటే ఇంతసేపూ ఓపిగ్గా రాసినవాళ్లను తప్పుబట్టినట్టు ఉంటుంది. నేను రాసింది ఇది:

‘నమస్కారమండీ. ముందుమాట చేరడంతో పేజీలు, కవర్ ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. తేలాల్సినవి రెండే: ముందుమాటను 8 పేజీల్లో సర్ది అరఫారంతో ముగించడమా, లేక మిగిలే 4 పేజీల్లో ఏదైనా వేయడమా, వేస్తే ఏమిటి. పావుగంట చాలు. శనివారం ఇక్కడ రాత్రి 8 గంటలకు, అంటే మీకు ఉదయం 9:30కు, నేనే ఫోన్ చేయమంటారా? వీలుకాకపోతే ఆదివారం అదే సమయానికి. రాయడమే సుఖమనిపిస్తే ఈ రెండింటికీ ఇక్కడే జవాబివ్వండి, సరిపోతుంది.’

చిక్కు పనిలో ఉందన్నాను, మనుషుల్లో ఉందనలేదు. ప్రశ్నలు ముందే చెబితే ఆయన ఆలోచించుకుని వస్తారు. రెండు ఊళ్ల సమయమూ రాయడం అవసరం: నవంబరులో అమెరికా గడియారాలు వెనక్కి జరిగాక అదే 9:30 కాస్తా 8:30 అవుతుంది. చివరి వాక్యాన్ని ఎన్నడూ వదలను. ఫోన్‌లో ఇబ్బందిపడేవాళ్లు, వినికిడి తగ్గినవాళ్లు కారణం చెప్పుకోనక్కర్లేకుండా కాదనగలగాలి.

ఆ శనివారం డిజైనర్‌ని కూడా లైన్లోకి తీసుకున్నాను. ప్రెస్సాయనకు మాత్రం సోమవారం ఫైలిస్తామని విడిగా చెప్పాను. ఖాళీ పేజీలుంటే పుస్తకం అసంపూర్తిగా కనిపిస్తుందన్నదే రచయిత బాధ అని మాటల్లో తెలిసింది. కథలు తొలిసారి అచ్చయిన పత్రికల వివరాలు అక్కడ వేద్దామన్నారు. 208 ఖాయమైంది, వెన్ను వెడల్పు తేలింది.

ఫోన్ పెట్టేసిన వెంటనే, అదే మెయిల్ వరుసలో, ప్రెస్సుతో సహా అందరికీ రాశాను: ‘208 పేజీలు. చివరి 4 పేజీల్లో కథల ప్రచురణ వివరాలు. అవి బుధవారంలోగా రచయిత పంపుతారు. కవర్ బొమ్మ అదే, వెన్ను మాత్రం మారుతుంది. నేను విన్నదాంట్లో తేడా ఉంటే రేపటిలోగా చెప్పండి.’ వివరాలు అందేదాకా ఫైలు ఆగాలి కనుక ప్రెస్సుకు చెప్పిన సోమవారాన్ని గురువారానికి మార్చి, అదీ అందులోనే రాశాను. ఇది రాయకపోతే, ఫోన్‌లో లేని మనిషి నెల తర్వాత పాత మెయిల్ తెరిచి 192 అనే అనుకుంటాడు.

రాయల్టీ, ముద్రణ ఖర్చు, హక్కులు మాత్రం ఎంత సాగినా ఫోన్‌లో తేల్చను. వాటి మీద సందేహముంటే ఫోన్‌లో వివరిస్తాను. ఒప్పుకోలు మాత్రం వాళ్ల చేత్తో రాసిన మెయిల్లోనే తీసుకుంటాను.