ఆయిలర్ పద్ధతిపై ఒక విమర్శ: దోషం వేరు, అస్థిరత వేరు

ఆయిలర్ పద్ధతి విఫలమైతే “అడుగు పెద్దది కాబట్టి దోషం పెరిగింది” అని చెప్పి ముగించడం మన పాఠాలలో పరిపాటి. ఈ వివరణ స్టిఫ్ సమీకరణాలకు సరిపోదు. ఎందుకో ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

వేసవిలో ఒక రాత్రి, రాయదుర్గంలో ఒక ఇంటి పైకప్పు ఇనుప రేకును తీసుకుందాం. గాలి ఉష్ణోగ్రత 34 డిగ్రీల నుండి గంటకు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతోందనుకుందాం. పలుచని రేకు మాత్రం మూడు నాలుగు నిమిషాలలోనే గాలితో సర్దుకుంటుంది. t గంటలలో, రేకు ఉష్ణోగ్రత y అయితే, నమూనా సమీకరణం ఇది:

y' = −20(y − T), T = 34 − t

y = 34.05 − t దీనికి ఒక సాధన అని మీరే సరిచూడవచ్చు. ఇది సరళరేఖ. సరళరేఖపై ఆయిలర్ సూత్రం ఏ అడుగులోనూ సొంతంగా దోషం చేయదు. కనుక h = 0.5, అంటే అరగంట అడుగు, చాలునని తోస్తుంది.

ఇప్పుడు ప్రారంభ విలువను 34.05కు బదులు 34.06గా తీసుకోండి. తేడా 0.01 మాత్రమే. ఎక్స్‌ప్లిసిట్ ఆయిలర్ ప్రతి అడుగులో ఈ తేడాను (1 − 20h)తో, అంటే −9తో గుణిస్తుంది. అది వరుసగా −0.09, 0.81, −7.29, 65.61 అవుతుంది. రెండు గంటల తరువాత 32.05 రావలసిన చోట 97.66 వస్తుంది! సూత్రం కొత్తగా దోషమేమీ చేర్చలేదు; ఉన్న చిన్న తేడాను పెంచింది. ఇదే అస్థిరత. విలువలు అడుగడుగునా పైకీ కిందికీ ఊగుతూ పెరగడం దీని గుర్తు. h విలువ 0.1 గంట, అంటే 6 నిమిషాలు, కంటే తక్కువైతేనే తేడా తగ్గుతుంది. నెమ్మదిగా మారే సాధనకు కూడా, ఎప్పుడో అణగిపోయిన వేగవంతమైన అంశమే అడుగును శాసిస్తుంది. 1952లో కర్టిస్, హిర్ష్‌ఫెల్డర్ “స్టిఫ్” అన్నది ఇటువంటి సమీకరణాలనే.

ఇంప్లిసిట్ ఆయిలర్ వాలును అడుగు చివర తీసుకుంటుంది. తెలియని విలువ రెండు వైపులా ఉంటుంది కనుక సమీకరణాన్ని సాధించాలి. ఇక్కడ అది ఒక భాగహారమే:

yₙ₊₁ = (yₙ + 20h Tₙ₊₁)/(1 + 20h)

తేడా ప్రతి అడుగులో 11వ వంతు అవుతుంది. h ఎంత పెద్దదైనా అది పెరగదు.

అయితే స్థిరత్వాన్ని ఖచ్చితత్వంగా భావించరాదు. రేకు మొదట సాధన కంటే 22 డిగ్రీలు వేడిగా ఉంటే, అరగంటకు నిజంగా మిగిలే తేడా 0.001 డిగ్రీ, ఈ పద్ధతి 2 డిగ్రీలు చూపుతుంది. ఆ తొలి నిమిషాలే మనకు కావాలంటే అడుగు చిన్నదిగానే ఉండాలి. y' కుడివైపు y సరళంగా లేకపోతే, ప్రతి అడుగులో న్యూటన్ పద్ధతి వంటిది అవసరమవుతుంది. ఇంప్లిసిట్ పద్ధతికి మనం చెల్లించే మూల్యం అదే.