విదేశీ విద్యా కన్సల్టెన్సీ ప్రకటన: ఒక కరపత్ర విమర్శ

ఈ భాగంలో ఒక ప్రకటనను సాహిత్య పాఠంలాగే పదం పదం చదువుదాం. గుంటూరు అరండల్‌పేటలోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో నడిచినవారికి విదేశీ విద్యా కన్సల్టెన్సీల బోర్డులు కొత్త కాదు. కింది నమూనా ఏ ఒక్క సంస్థదీ కాదు. గోడల మీదా, ఆటోల వెనుకా, దినపత్రిక మడతలో వచ్చే కరపత్రాలలోనూ తరచు కనిపించే మాటలను కూర్చి నేను తయారుచేసినది.

"అమెరికాలో ఎం.ఎస్. మీ కల, మా బాధ్యత! కన్సల్టెన్సీ ఫీజు లేదు. 100 శాతం వీసా. ఖర్చు 20 లక్షల నుంచి. పార్ట్‌టైమ్ జాబ్‌తో మీ ఖర్చులు మీరే సంపాదించుకోండి. చదువు పూర్తికాగానే ఉద్యోగం.*"

నక్షత్రం గుర్తుకు వివరణ అడుగున చిన్న అక్షరాలలో ఉంటుంది, అదీ ఇంగ్లీషులో. వాగ్దానం తండ్రికి అర్థమయ్యే భాషలో, షరతు ఆయన చదవలేని భాషలో! కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022లో తెచ్చిన మార్గదర్శకాలు దీన్ని ఒప్పుకోవు. ప్రకటనలో వాదన ఏ భాషలో ఉంటే దాని వివరణా అదే భాషలో ఉండాలని అవి చెబుతున్నాయి. కనుక ఇలాంటి కరపత్రం చేతికి వస్తే ముందు అడుగు భాగం చూడండి.

ఇక "20 లక్షల నుంచి" అన్న మాట. ఇందులో పనంతా చేస్తున్నది "నుంచి" అనే విభక్తి ప్రత్యయం. అది కింది హద్దు చెప్పి, పై హద్దును దాచిపెడుతుంది. అసలు ఖర్చు ఎక్కడ తెలుస్తుంది? విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో. అందులో ట్యూషన్ ఫీజు, జీవన వ్యయం, ఇతర ఖర్చులు డాలర్లలో ఉంటాయి. వాటి పైన ఆ అంచనా ఎన్ని నెలలకో కూడా ఉంటుంది. చాలామంది చూడనిది ఆ నెలల సంఖ్యనే. 9 నెలలకు 30,000 డాలర్లని ఉందనుకోండి. రెండేళ్ల చదువుకు అది 60,000 అవుతుంది, వేసవి నెలల ఇంటి అద్దె, తిండి అదనం. డాలరు 85 రూపాయలనుకుంటే 51 లక్షలు. ఆపైన డాలరు ఒక్క రూపాయి పెరిగినా మరో 60 వేలు. కరపత్రంలోని 20 లక్షలు అబద్ధమని తేల్చలేం. ఎక్కడో ఒక కళాశాలలో, ఒక ఏడాదికి, అది నిజమే కావచ్చు. ఏ కళాశాల, ఎన్ని నెలలకు అన్నది చెప్పకపోవడమే అందులోని మోసం.

ఈ లెక్కను మిర్చి పొలంలోకి తెచ్చి చూద్దాం. పొలం హామీగా 40 లక్షల అప్పు తెచ్చారనుకుందాం, వడ్డీ 11 శాతం. ఏడాదికి వడ్డీయే 4 లక్షల 40 వేలు. 2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోయినప్పుడు కేంద్రం మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల జోక్యధర ప్రకటించింది. ఎకరాకు 20 క్వింటాళ్లు పండితే, ఆ ధరకు వచ్చేది 2 లక్షల 36 వేల లోపే. అంటే ఒక్క ఏడాది వడ్డీకి దాదాపు రెండెకరాల పంట మొత్తం పోవాలి, అదీ విత్తనం, మందులు, కోతకూలీ తీయకముందు. అబ్బాయి చదువుతున్న రెండేళ్లూ వాయిదా కట్టనక్కరలేదని బ్యాంకు అన్నా వడ్డీ ఆగదు. నిజాయితీగల ప్రకటన రాయాలంటే యార్డులో కాయ అమ్మే మనిషికి ఈ లెక్క కనిపించేలా రాయాలి.

"100 శాతం వీసా" అన్నచోట మీరు అడగవలసింది ఎంతమందిలో వంద శాతం అని. వీసా ఇచ్చేది కాన్సులేట్ అధికారి, కన్సల్టెన్సీ కాదు. మొదటిసారి తిరస్కరణ పొంది మూడోసారి తెచ్చుకున్నవారిని విజయంగా లెక్కవేయవచ్చు. అనుమానమున్నవారిని ముందే పక్కన పెట్టవచ్చు. భాజకం మారిస్తే ఎంత శాతమైనా వస్తుంది. తిరస్కరించినా వీసా రుసుము తిరిగి రాదన్న సంగతి మాత్రం ఏ పెద్దక్షరాలలోనూ ఉండదు.

"ఫీజు లేదు" అన్నది నిజమే కావచ్చు. అప్పుడు గది అద్దె, సిబ్బంది జీతాలు ఎవరిస్తున్నారు? చాలా సందర్భాలలో విద్యార్థి చేరిన విశ్వవిద్యాలయం కమీషన్ ఇస్తుంది. అది తప్పు కాదు. కానీ కమీషన్ ఇచ్చే కళాశాలనే మంచి కళాశాలగా చెప్పే అవకాశం అక్కడే పుడుతుంది.

పార్ట్‌టైమ్ మాటలో ప్రమాదం ఇంకా పెద్దది. ఎఫ్-1 విద్యార్థి చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. మొదటి విద్యాసంవత్సరంలో బయటి ఉద్యోగానికి సాధారణంగా అనుమతి లేదు. కాలిఫోర్నియా ప్లెజంటన్‌లోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం ఆకర్షణ సరిగ్గా ఇక్కడే ఉండేది: పేరుకు చదువు, మొదటి నుంచే ఎక్కడైనా పని. 2011 జనవరిలో అధికారులు దానిని మూయించినప్పుడు చిక్కుకున్నవారిలో తెలుగు విద్యార్థులే ఎక్కువ. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించారు. సులువు అన్న వాగ్దానం ఎక్కడికి దారితీస్తుందో చెప్పడానికి నేను తరగతిలో ఈ ఉదాహరణే ఇచ్చేవాణ్ణి.

చివరి వాక్యానిదీ ఇదే వరస. చదువు తర్వాత ఓపీటీ కింద 12 నెలలు పనిచేయవచ్చు. సైన్సు, ఇంజనీరింగు వంటి శాఖలకు మరో 24 నెలలు పొడిగింపు ఉంది. అది పనిచేయడానికి అనుమతి, ఉద్యోగం కాదు. పైగా ఓపీటీ మొదటి దశలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉంటే హోదాకే ముప్పు. ఆ తర్వాత హెచ్-1బి వీసాలకు ఏటా సాధారణ పరిమితి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి మరో 20,000. దరఖాస్తులు ఎక్కువైతే ఎంపికలో పేరు రావాలి.

ఇప్పుడు అదే ప్రకటనను ఇలా తిరగరాద్దాం. సంఖ్యలు, ఊహించి వేసినవి.

"మా దగ్గర మీరు ఫీజు కట్టరు. మీరు చేరితే విశ్వవిద్యాలయం మాకు కమీషన్ ఇస్తుంది. ఏవి ఇస్తాయో అడిగితే జాబితా చూపిస్తాం. కమీషన్ ఇవ్వని కళాశాలలకూ దరఖాస్తు చేయిస్తాం, దానికి రుసుము 15,000. గత ఏడాది మా ద్వారా 60 మంది వీసాకు వెళ్లారు. మొదటిసారే వచ్చినవారు 34 మంది. అంతకు రెండేళ్ల ముందు వెళ్లిన 40 మందిలో చదివిన రంగంలో ఉద్యోగం దొరికినవారు 17, వెతుకుతున్నవారు 12, తిరిగి వచ్చినవారు 2, మాకు సమాచారం లేనివారు 9. ఖర్చు కోసం మీ ఐ-20 తీసుకురండి, రెండేళ్లకూ వడ్డీతో లెక్క కట్టి ఇస్తాం."

గమనించారా, ఇందులో ఒక్క విశేషణమూ లేదు. "నిజాయితీ" అన్న పదం కూడా లేదు. ఉంటే కొట్టివేయమంటాను. నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది "సమాచారం లేనివారు 9" అన్న మాట. ఆ తొమ్మిదిమందిని ఉద్యోగస్థులలో కలిపేయడం సులభం, కనిపెట్టేవారూ ఉండరు. అయినా విడిగా చూపారు.

ఈ ప్రకటనలోనూ లోపముంది. ఉద్యోగం ఎన్ని నెలలకు దొరికింది, జీతంలోంచి అప్పు తీరుతోందా అన్నది చెప్పలేదు. మరో చిక్కు, వ్యాపారానిది. పక్క బోర్డు మీద వంద శాతం కనిపిస్తుంటే, అరవైలో ముప్పై నాలుగు అన్నవాడి దగ్గరకు తండ్రి వెళ్తాడా? వెంటనే వెళ్లకపోవచ్చు. కానీ వడ్డీ లెక్క కట్టి ఇస్తామన్న చివరి వాక్యం ఇంట్లో రాత్రి జరిగే వాదనకు పనికొస్తుంది. అటువంటి వాక్యం ఒక్కటైనా లేకపోతే నిజం రాసిన కరపత్రం కూడా చదవకుండానే మడతపడుతుంది.

అభ్యాసం: మీ ఊరిలో దొరికే ఒక కన్సల్టెన్సీ కరపత్రం తీసుకోండి. అందులో "నుంచి", "వరకు", "శాతం" అన్న మాటలున్న ప్రతి వాక్యం కింద గీత గీసి, ఎంతమందిలో, ఎన్ని నెలలకు, డబ్బు ఎవరు కడతారు అన్న సమాధానాలతో తిరిగి రాయండి. సమాధానం దొరకని వాక్యాన్ని తీసివేసి, మిగిలినది ప్రకటనగా నిలుస్తుందో లేదో ఒక పేరాలో చర్చించండి.